ఏడు రోజులు ఎప్పటి నుంచి లెక్క? ఒక ఆన్‌లైన్ కోర్సు రిఫండ్ కేసు

2025 అక్టోబరు 13, సోమవారం. సాయంత్రం ఐదు దాటాక చీపురుపల్లి వైపు నుంచి ఓ తండ్రీ కూతురూ విజయనగరంలోని మా లాయరు ఆఫీసుకు వచ్చారు. అమ్మాయి బీకాం పూర్తి చేసింది. తండ్రికి ఊళ్లో చిన్న కిరాణా కొట్టు. టాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుంటే రాజాంలోనో విశాఖలోనో అకౌంట్స్ ఉద్యోగం దొరుకుతుందని ఫోన్లో ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరింది. కట్టింది రూ.24,780.

"ఏటి బాబూ, డబ్బులు ఏట్లో పోసినట్టేనేటి?" అన్నాడాయన, కుర్చీలో కూర్చోకముందే.

కోర్సు సంగతి తరువాత చెబుదురుగాని, ముందు వాళ్ల రిఫండ్ పాలసీ చూపించమ్మా అన్నాను. ఇలాంటి కేసులు నా దగ్గరికి వచ్చేసరికి చాలావాటికి గడువు దాటిపోయి ఉంటుంది. గడువు దాటినా దారులు ఉంటాయి గానీ అవి పొడుగాటి దారులు. గడువులో ఉంటే మాత్రం పని సగం తేలిక. అమ్మాయి ఫోన్లో ఇన్‌వాయిస్ మెయిల్ తీసింది. దానికి జతగా రెండు పేజీల పీడీఎఫ్ ఉంది. 4వ నిబంధన సారాంశం ఇది: బ్యాచ్ ప్రారంభమైన తేదీ నుంచి 7 రోజుల లోపు మెయిల్ ద్వారా అడగాలి, కోర్సులో 15 శాతానికి మించి చూసి ఉండకూడదు, 2 శాతం ప్రాసెసింగ్ చార్జీ మినహాయించి మిగతాది తిరిగి ఇస్తారు.

బ్యాచ్ ఎప్పుడు మొదలైందని అడిగితే వెల్‌కమ్ మెయిల్ చూపించింది. అక్టోబరు 6, సోమవారం. ఆరో తేదీ నుంచి అన్నప్పుడు ఆరో తేదీని వదిలేసి లెక్కపెట్టడం మామూలు పద్ధతి. చట్టాల్లో 'నుంచి' అనే మాటను అలాగే లెక్కించాలని జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది, ఒప్పందాలను కూడా ఎక్కువగా అలాగే చదువుతారు. ఆ లెక్కన గడువు 13 అర్ధరాత్రితో ముగుస్తుంది. అవతలివాళ్లు ఆరో తేదీని కూడా కలుపుకుని లెక్కపెడితే ముందురోజు, ఆదివారమే ముగిసిపోయింది. అమ్మాయికి లాగిన్ వచ్చిన ఎనిమిదో తేదీ నుంచి లెక్కిస్తే ఇంకా రెండు రోజులు ఉంది. మూడు లెక్కల్లో ఏది నిలుస్తుందో అప్పటికి తెలియదు. తెలిసిందల్లా ఆ సాయంత్రం చేతిలో ఉందని.

కాబట్టి పెద్ద ఉత్తరం రాసే పని పెట్టుకోలేదు. ముందు తేదీని పట్టుకోవాలి, వాదన రేపు రాసుకోవచ్చు. అమ్మాయి చేత ఆమె మెయిల్ నుంచే, ఫీజు కట్టినప్పుడు ఇచ్చిన అడ్రసు నుంచే, సాయంత్రం 6.12కి ఒక చిన్న మెయిల్ పంపించాను. ఇంగ్లీషులో పంపిన దాని తెలుగు ఇది:

"విషయం: రిఫండ్ అభ్యర్థన, ఇన్‌వాయిస్ తేదీ 27-09-2025, చెల్లించిన మొత్తం రూ.24,780. మీరు ఇన్‌వాయిస్‌తో పంపిన రిఫండ్ పాలసీ 4వ నిబంధన కింద ఈ రోజు, 13-10-2025న, రిఫండ్ కోరుతున్నాను. బ్యాచ్ ప్రారంభ తేదీ 06-10-2025. నాకు లాగిన్ అందింది 08-10-2025 సాయంత్రం 4.40కి. తెలుగులో లైవ్ క్లాసులని చెప్పి అమ్మిన ఈ కోర్సులో ఇంతవరకు ఒక్క లైవ్ క్లాసు కూడా జరగలేదు. వివరాలు, ఆధారాలు రేపు ఇదే మెయిల్‌కు కొనసాగింపుగా పంపుతాను. అందినట్టు టికెట్ నంబరు ఇవ్వగలరు."

పంపిన రెండు నిమిషాలకు ఆటోమేటిక్ జవాబు వచ్చింది, టికెట్ నంబరుతో సహా. దాన్ని అక్కడికక్కడే ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. చెప్పుకోవడానికి చిన్న విషయమే గానీ, తరువాత ఈ కేసంతా ఆ కాగితం మీదే నిలబడింది.

అప్పుడు తీరిగ్గా కథ విన్నాను. సెప్టెంబరు 26న ఆ సంస్థ కోర్సు కౌన్సిలర్ అని చెప్పుకున్న ఒకతను ఫోన్ చేశాడు. రోజూ సాయంత్రం 7 నుంచి 8.30 వరకు తెలుగులో లైవ్ క్లాసు, డౌట్లు అక్కడికక్కడే అడగొచ్చు అన్నాడు. అదే మాట వాట్సాప్‌లో కూడా టైపు చేసి పంపాడు. ఆ మర్నాడు యూపీఐలో డబ్బు కట్టింది. ఇన్‌వాయిస్‌లో ఫీజు రూ.21,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.3,780. ఆరో తేదీన లాగిన్ రాలేదు. ఏడో తేదీన సిరిమానోత్సవం. ఇంటిల్లిపాదీ విజయనగరం వచ్చి పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర జనంలో ఉన్నారు, ఆ గోలలోనే అమ్మాయి రెండుసార్లు కౌన్సిలర్‌కు మెసేజ్ పెట్టింది. ఎనిమిదిన లాగిన్ వచ్చింది. తెరిచి చూస్తే 18 సెషన్లు. క్లాసు పక్కన ఎర్రటి అక్షరాల్లో Live అని ఉంది. నొక్కితే హిందీ, ఇంగ్లీషు కలిపి పాఠం చెబుతున్న వీడియో. డౌటు అడగడానికి చాట్ పెట్టె లేదు.

పదో తేదీన ఫోన్ చేస్తే కౌన్సిలర్ ఎత్తలేదు. గంట తరువాత వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "టెన్షన్ పడకండి మేడమ్, తెలుగు బ్యాచ్ వచ్చే బుధవారం స్టార్ట్ అవుతుంది, అప్పటిదాకా ఇవి చూస్తూ ఉండండి." వచ్చే బుధవారం అంటే పదిహేనో తేదీ. ఎటు లెక్కపెట్టినా గడువు అంచు దాకా వచ్చేస్తుంది. ఈ వాయిదా మాట దాదాపు ప్రతి కేసులోనూ వింటుంటాను. వినేవాళ్లకు సర్దుబాటులా ఉంటుంది, లోపల గడియారం తిరుగుతూ ఉంటుంది. అయితే ఈ కేసులో ఆ మెసేజే మాకు పనికొచ్చింది. పదో తేదీ నాటికి తెలుగు బ్యాచ్ మొదలు కాలేదని వాళ్ల మనిషే తన గొంతుతో ఒప్పుకున్నాడు. అమ్మాయి దాన్ని డిలీట్ చేయలేదు, మన అదృష్టం.

ఇక 'లైవ్' అన్నది అబద్ధమని చూపించాలి. భాష సంగతి వీడియో వింటే తెలిసిపోతుంది. లైవ్ కాదని ఎలా చూపిస్తాం? మేం ఎప్పుడో రికార్డు చేసింది కాదు, చాట్ ఆ రోజు పని చేయలేదంతే అంటారు. అమ్మాయి చేత మొదటి సెషన్ మా ఆఫీసు కంప్యూటర్లో తెరిపించాను. టీచరు తన స్క్రీన్ షేర్ చేసి టాలీలో కంపెనీ క్రియేట్ చేయడం చూపిస్తున్నాడు. టాలీ తెరమీద కనిపించే తేదీని చూపించి "ఇదిగో సార్, పాతదే కదా" అంది అమ్మాయి. అది సాక్ష్యం కాదమ్మా అన్నాను. టాలీలో తేదీ వాడేవాళ్ల చేతిలో ఉంటుంది, పాత సంవత్సరం వోచర్లు ఎంటర్ చేస్తే పాత తేదీయే చూపిస్తుంది. ఆ మాట అంటూనే కింద కుడిమూల చూశాను. అక్కడ విండోస్ గడియారం ఉంది. చిన్న అక్షరాలు, వీడియో మసక. ఫుల్ స్క్రీన్ చేసి క్వాలిటీ పెంచితే చదవడానికి వచ్చింది: 14-03-2024. ఆ కింద టాస్క్‌బార్, పక్కనే టీచరు బొమ్మ, పైన మా పేజీలో Live అనే ఎర్ర ముద్ర. ఈ మూడూ ఒకే తెరలో పడేట్టు స్క్రీన్‌షాట్ తీశాం. మర్నాడు ఉత్తరంలో దానికి అనుబంధం 5 అని నంబరు వేశాం. ఈ కేసులో నాకు బాగా నచ్చిన కాగితం అదే.

ఇంకో లోపం కూడా కనిపించింది. పాఠంలో జీఎస్టీ శ్లాబులు 5, 12, 18, 28 అని చెప్పారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వస్తువుల రేట్లు మారాయి, 12, 28 శ్లాబుల్లోవి ఎక్కువ భాగం 5కో 18కో మారిపోయాయి. అక్టోబరులో చేరిన పిల్లకు ఈ పాఠం పాతదే. కానీ దీన్ని ముందు పెట్టలేదు. పాత బిల్లులకు పాత రేట్లు తెలియాలి కదా అని వాళ్లు వాదించగలరు, చర్చ అటు మళ్లితే అసలు విషయం పక్కకు పోతుంది. గడియారం తేదీకి తోడుగా ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను.

అసలు చిక్కు 15 శాతం దగ్గర వచ్చింది. అమ్మాయి డ్యాష్‌బోర్డు 22 శాతం చూపిస్తోంది. 18 సెషన్లలో నాలుగింటి పక్కన Completed అని పచ్చ టిక్కు. "నేను చూడలేదు సార్, తెలుగు ఎక్కడైనా ఉందేమోనని జరిపి చూశాను" అంది. నిజమే చెబుతోందనిపించింది, కానీ నాకు అనిపిస్తే సరిపోదు. అప్పుడు ఒక పరీక్ష పెట్టాం. ముందుగా 22 శాతం కనిపించే డ్యాష్‌బోర్డును తేదీ, సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాం. తరువాత స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి ఐదో సెషన్ తెరిచి, స్లైడర్‌ను చివరికి లాగాం. గంటన్నర వీడియో. తొమ్మిది సెకన్లలో పచ్చ టిక్కు పడింది, శాతం 28కి పెరిగింది. అంటే ఆ శాతం చూసిన సమయాన్ని కొలవడం లేదు, స్లైడర్ ఎక్కడికి చేరిందో కొలుస్తోంది.

ఇది చేయాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. మన చేత్తో మనమే శాతం పెంచుకుంటున్నాం కదా. అందుకే ఉత్తరంలో దాచకుండా రాశాం: 13న అభ్యర్థన పంపిన తరువాత, కొలత పద్ధతి చూపించడానికి ఐదో సెషన్ తెరిచాం, రికార్డింగ్ జత చేశాం, అంతకుముందు ఉన్న శాతం 22. దాచి ఉంటే వాళ్ల లాగ్‌లో బయటపడేది, మిగతా అన్నిటి మీదా అనుమానం వచ్చేది. దాంతోపాటు, ఒక్కో వీడియో నిజంగా ఎన్ని నిమిషాలు ప్లే అయిందో మీ సర్వర్ లాగ్ ఇవ్వండి అని అడిగాం. ఆ లాగ్ వాళ్లు చివరిదాకా ఇవ్వలేదు.

పద్నాలుగున పంపిన పూర్తి ఉత్తరం రెండు పేజీలు. మా దగ్గరికి వచ్చేవాళ్లు రాసుకొచ్చే ఉత్తరాల్లో సగం కోపమే ఉంటుంది. మోసం, దగా, పోలీసు కేసు అనే మాటలు. చదివే సపోర్టు ఉద్యోగికి అవి రోజూ చూసే మాటలే, ఒక అచ్చు జవాబు పెట్టి పక్కన పడేస్తాడు. ఈ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. మొదట తేదీల వరస, ప్రతి తేదీ పక్కన దాని అనుబంధం నంబరు. తరువాత 4వ నిబంధనను మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మా జవాబు: ఏడు రోజులు, మెయిల్ ద్వారా అడగడం, పదిహేను శాతం. ఆ తరువాత వేరే పేరాలో ఇంకో వాదన పెట్టాం. పాలసీ వర్తించదని మీరు అన్నా, లైవ్ అని చెప్పి రికార్డింగ్ ఇవ్వడం సేవాలోపం. లోపమున్న సేవకు డబ్బు తిరిగి ఇవ్వడానికి బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి, నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ చెబుతుంది. ఈ రెండు వాదనలను కలిపి కలగాపులగం చేయకూడదు. కలిపితే పాలసీ వర్తించదని తేల్చేసి రెండోదానికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటారు.

పదిహేడున జవాబు వచ్చింది. తిరస్కరించారు. మూడు కారణాలు. గడువు కొన్న తేదీ నుంచి 7 రోజులు, అంటే అక్టోబరు 4తో ముగిసింది. వినియోగం 15 శాతం దాటింది. ఏదైనా వివాదం ఉంటే మా నగరంలోని కోర్టుల్లోనే.

మొదటి కారణం చూసి నేనే ఒకసారి ఉలిక్కిపడ్డాను. వాళ్ల వెబ్‌సైట్ తెరిస్తే నిజంగానే 'కొన్న తేదీ నుంచి' అని ఉంది. కిందికి జరిగితే చివరి సవరణ తేదీ అక్టోబరు 1. అమ్మాయి డబ్బు కట్టింది సెప్టెంబరు 27. కట్టిన రోజు మెయిల్‌లో పంపిన పీడీఎఫ్‌లో 'బ్యాచ్ ప్రారంభమైన తేదీ నుంచి' అని ఉంది. ఒప్పందం కుదిరిన రోజున ఏ మాట ఉందో అదే లెక్క, తరువాత వెబ్‌సైట్‌లో మార్చుకున్న మాట వెనక్కి వచ్చి పాత కస్టమర్‌ను పట్టుకోలేదు. పైగా కొత్త మాట ప్రకారం చూస్తే, క్లాసు మొదలు కాకముందే రెండు రోజుల ముందు రిఫండ్ హక్కు అయిపోతుంది. చూడని సరుకు బాగోలేదని ఎవరు చెప్పగలరు? వెబ్‌సైట్ పేజీ ఒక్కటే నమ్ముకుని ఉంటే ఈ కేసు ఇక్కడే చతికిలబడేది. ఆ పీడీఎఫ్‌ను విడిగా సేవ్ చేస్తే చాలదు, అది వచ్చిన మెయిల్‌ను యథాతథంగా ఉంచాలి. ఫైలు ఏ రోజు అందిందో చెప్పేది ఆ మెయిలే.

మూడో కారణం ఉత్త బెదిరింపు. వినియోగదారు తాను ఉండే చోట లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చని అదే చట్టం 34వ సెక్షన్‌లో ఉంది. చీపురుపల్లి మనిషికి విజయనగరం చాలు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు, ఈ-జాగృతి పోర్టల్ నుంచి ఇంట్లో కూర్చుని దాఖలు చేయవచ్చు. కోచింగ్ కూడా చదువే కదా, చదువు వినియోగదారుల చట్టం కిందికి రాదు కదా అని కొందరు తోటి లాయర్లే అడుగుతుంటారు. యూనివర్సిటీలు, కాలేజీల విషయంలో ఆ వాదన నడిచింది గానీ, కోచింగ్ సంస్థలకు ఆ మినహాయింపు వర్తించదని జాతీయ కమిషన్ 2020 జనవరిలో మను సోలంకి కేసులో చెప్పింది.

పద్దెనిమిదిన ఈ జవాబులన్నీ పెట్టి, వెబ్‌సైట్‌లో చూపించిన గ్రీవెన్స్ ఆఫీసర్ అడ్రసుకు మెయిల్ పంపాం. సపోర్టు అడ్రసు, గ్రీవెన్స్ అడ్రసు వేరువేరు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 48 గంటల్లో ఉలుకూ పలుకూ లేదు. 24న 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయించాను. ఇది కోర్టు కాదు, డబ్బు ఇమ్మని ఆదేశించలేదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పించే ప్రయత్నం చేస్తుంది, అంతే. కానీ చాలా కంపెనీల్లో ఆ జవాబులు రాసేది సపోర్టు కుర్రాళ్లు కాదు, లీగల్ విభాగం. ఫైలు చేతులు మారడమే మనకు కావలసింది.

నవంబరు 3న ఫోన్ వచ్చింది, మర్యాదగా. రూ.16,000 ఇస్తామన్నారు. ఇరవై ఒక్క వేలలో రూ.5,000 రిజిస్ట్రేషన్ ఫీజు పోను. జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేశాం కాబట్టి తిరిగి రాదట. అమ్మాయి తండ్రి ఒప్పేసుకుందామన్నాడు. "పోన్లే బాబూ, అంతయినా వస్తంది కదా." రెండు రోజులు ఆగమన్నాను, ఫోన్లో చెప్పినదాన్ని మెయిల్‌లో పెట్టమని వాళ్లను అడగమన్నాను. పెట్టారు.

రిజిస్ట్రేషన్ ఫీజు అనే మాట ఇన్‌వాయిస్‌లో లేదు, పీడీఎఫ్‌లో లేదు. లేని ఫీజును కోయడానికి కుదరదని ఒక్క వాక్యంలో రాశాం. జీఎస్టీ మాట చాలామంది నమ్మేస్తారు. ప్రభుత్వానికి కట్టేశామంటే ఇంకేం అడుగుతాం అనుకుంటారు. కానీ సేవలో లోపం తేలినప్పుడు అమ్మినవాళ్లు క్రెడిట్ నోటు ఇచ్చి, ఆ మేరకు తమ పన్ను బాధ్యత తగ్గించుకునే వీలు సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్‌లో ఉంది. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువు. ఈ ఇన్‌వాయిస్‌కు అంటే 2026 నవంబరు 30. తిరిగి ఇవ్వకుండా దగ్గర ఉంచుకుని, ఇటు పన్ను కూడా తగ్గించుకుంటే ఆ రూ.3,780 ఎవరి జేబులోకి వెళ్లినట్టు? ఈ ప్రశ్నను మెయిల్‌లో అంత ఘాటుగా పెట్టలేదు. క్రెడిట్ నోటు కాపీ పంపగలరు అని మాత్రం రాశాం. జీఎస్టీ కోర్సు అమ్మే సంస్థకు జీఎస్టీ గురించి రాయాల్సి రావడం ఏమిటో అని అమ్మాయే నవ్వింది.

నవంబరు 12న ఆమె ఖాతాలో రూ.24,284.40 పడింది. పీడీఎఫ్‌లోని 2 శాతం ప్రాసెసింగ్ చార్జీ, రూ.495.60, పట్టుకున్నారు. కంపెనీ తానే రద్దు చేస్తే భరించని చార్జీని, వినియోగదారు రద్దు చేసుకున్నప్పుడు అతని మీద వేయకూడదని ఈ-కామర్స్ నియమాల్లో ఉంది, దాని మీద కొట్లాడొచ్చు. వద్దన్నాను. ఆ పీడీఎఫ్‌లోని 4వ నిబంధన మీదే నిలబడి ఇంతదూరం వచ్చాం, అదే నిబంధనలోని రెండో సగం మాకు వర్తించదనడం నాకు సబబుగా తోచలేదు. ఐదు వందల కోసం ఇంకో రెండు నెలలు తిరగడం అమ్మాయికీ ఇష్టం లేదు.

కమిషన్ దాకా వెళ్లాల్సి వచ్చి ఉంటే ఇంకొంత పని ఉండేది. వాట్సాప్ చాట్‌కు స్క్రీన్‌షాట్లు మాత్రమే చాలవు, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు, వాయిస్ మెసేజ్ ఉన్న అసలు ఫోను ఉంచుకోవాలి. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని తేల్చే కోడ్, కూడా రాయాలి. ఈ ఆలోచనతోనే స్క్రీన్ రికార్డింగ్‌ను ఎడిట్ చేయనివ్వలేదు, ముందు వెనక ఖాళీ సెకన్లున్నా అలాగే ఉంచాం. వాడాల్సిన అవసరం రాలేదు.

డబ్బు వేసే ముందు వాళ్లు ఒక సెటిల్‌మెంట్ మెయిల్ పంపి, 'అంగీకరిస్తున్నాను' అని జవాబు ఇమ్మన్నారు. నాలుగు వాక్యాలు. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోది, కోర్సు గురించి ఎక్కడా ఎప్పుడూ రాయనని, రాసి ఉంటే తీసేస్తానని. అమ్మాయి అప్పటిదాకా ఎక్కడా ఏమీ రాయలేదు. అయినా ఆ వాక్యం తీసేసి, మిగతా మూడింటికి మాత్రమే అంగీకారం తెలుపుతూ జవాబు పంపించాను. వాళ్లు మారుమాట అనలేదు. క్రెడిట్ నోటు నవంబరు 15న వచ్చింది.